ఆ ఏడు రోజులూ ఎందుకు?

ఒకే వారంలో రెండు ఉద్యోగాలు రావడం అదృష్టమని ఎవరన్నారో గానీ, ఆ మహానుభావుడికి ఒక్కటి కూడా వచ్చి ఉండదు. పిచ్చుకకి రెండూ వచ్చాయి. పిచ్చుక అనేది ఇంట్లో పెట్టిన పేరు. మనిషి పొట్టి, నడక గబగబా, నోరు అంతకంటే గబగబా. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తయి రెండు నెలలయింది. ఆ వారమంతా ఇంట్లో అన్నం దగ్గరా అదే గోల, బట్టలు ఆరేసే దగ్గరా అదే గోల.

రెండూ బ్యాటరీల కంపెనీలే. ఒకటి నలభై ఏళ్ళ పాతది, మూడు వేల మంది పనిచేసేది. మొదట కార్ల బ్యాటరీలు చేసేది, ఇప్పుడు లిథియంలోకి దిగింది. అందులో చేరితే ఏడాది ట్రైనింగ్. మొదటి ఆరు నెలలు తయారీ లైన్ మీద చెయ్యి వెయ్యనివ్వరు, ఒక్కో విభాగంలో నిలబడి చూడాలి, రాసుకోవాలి, అంతే. జీతం తక్కువ. కానీ ఒకటో తేదీకి పడుతుంది, అమ్మానాన్నలకి కూడా ఆస్పత్రి బీమా ఉంటుంది. రెండోది మూడేళ్ళ స్టార్టప్. డెలివరీ స్కూటర్లకి బ్యాటరీ ప్యాక్‌లు చేస్తుంది. మొత్తం పద్దెనిమిది మంది, ఈమె చేరితే పందొమ్మిది. జీతం సగానికి సగం ఎక్కువ, పైగా షేర్లు. ఆ షేర్లు నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా చేతికొస్తాయి, ఏడాది లోపల మానేస్తే మాత్రం గుండుసున్నా.

నాన్న ముప్పై ఏళ్ళుగా ఒకే కర్మాగారంలో లేత్ మిషన్ మీద పనిచేసిన టర్నర్. ఆయన ఓటు పాతదానికి. "నిదానమే ప్రధానం. పెద్ద కంపెనీ అంటే పెద్ద చెట్టురా పిచ్చుకా, గాలివాన వచ్చినా కొమ్మలే పోతాయి గానీ మాను పోదు."

అమ్మ ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆవిడ లెక్క సూటిగా ఉంటుంది. "ఎక్కువిచ్చేవాడి దగ్గర చేరు. తక్కువిచ్చేవాడు మాత్రం నిన్ను నెత్తిన పెట్టుకుంటాడా ఏంటి?"

పిచ్చుక మాత్రం పని నేర్చుకోవడం గురించే ఆలోచించింది. ఆరు నెలలు చేతులు కట్టుకుని నిలబడటమనే మాట తలుచుకుంటేనే ఆ పిల్లకి ఆవులింత వచ్చేది. అలాగని తెలివితక్కువది కాదు. స్టార్టప్ పెట్టినతన్ని ఇంటర్వ్యూలో ఎదురు ప్రశ్న వేసింది. "మీ దగ్గరున్న డబ్బు ఎన్నాళ్ళకి సరిపోతుంది సార్?" అని. చాలామంది అడగడానికి మొహమాటపడే ప్రశ్న అది. అతను నవ్వి, "పద్నాలుగు నెలలు. ఈలోగా పెద్ద ఆర్డర్ పడితే ఇంకో పెట్టుబడి వస్తుంది. సార్ వద్దు, అన్నా అను, ఇక్కడ అందరూ అంతే" అన్నాడు. దాచకుండా చెప్పాడు కదా అని ఆమెకి అతని మీద గురి కుదిరింది. గురి కుదరాల్సిన మనిషే, ఆ మాట ఇప్పుడైనా ఒప్పుకోవాలి. అతను మోసగాడేం కాదు.

పాత కంపెనీలో ఇంటర్వ్యూ చేసింది అరవైకి దగ్గరపడ్డ ఒక సీనియర్ ఇంజనీరు. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోడు. రానని ఆమె ఆయనకి ఫోన్ చేసింది. "సరేనమ్మా, జాగ్రత్త" అని పెట్టేశాడు. పిచ్చుక స్టార్టప్‌లో చేరింది.

మొదటి నాలుగు నెలలూ పండగే పండగ. పొద్దున్న బ్యాటరీ సెల్‌లు కొలిచేది. మధ్యాహ్నం వాటిని వరసలుగా పేర్చి, నికెల్ పట్టీలతో వెల్డింగ్ చేసేది. సాయంత్రం ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్‌కి లెక్కలు కట్టేది. పెద్ద కంపెనీలో మూడేళ్ళకి చూసేదంతా మూడు వారాల్లో చూసింది. ఆమె మీద ఒక సీనియర్ ఉండేవాడు, మితభాషి. తయారైన ప్రతి ప్యాక్‌నీ ఛార్జ్ చేసి, వోల్టేజ్ రాసి, ఏడు రోజులు అలమారలో పెట్టి, మళ్ళీ వోల్టేజ్ చూసి గానీ బయటికి వదలకూడదన్నది అతను పెట్టిన పద్ధతి. ఎందుకో ఎక్కడా రాయలేదు. ఈమె అడగలేదు. అయిదో నెలలో అతను ఎక్కువ జీతానికి వేరేచోటికి వెళ్ళిపోయాడు. డబ్బు పొదుపు చెయ్యాలని అతని చోట్లో ఎవర్నీ తీసుకోలేదు.

ఎనిమిదో నెల వచ్చేసరికి పిచ్చుక క్వాలిటీ హెడ్డయింది. ఇరవై మూడేళ్ళకి హెడ్డు! కార్డులు అచ్చు వేయించి ఇచ్చారు. అమ్మ ఒక కార్డుని కుట్టుమిషన్ ఎదుటి అద్దం చట్రంలో గుచ్చింది. జాకెట్ కొలతలకి వచ్చిన ప్రతి మనిషికీ ఒళ్ళు కొలవకముందే కార్డు చూపించేది.

అప్పుడే పెద్ద ఆర్డర్ పడింది. ఒక డెలివరీ కంపెనీకి రెండు వందల ప్యాక్‌లు, నెలాఖరులోగా. అవి అందితేనే కొత్త పెట్టుబడి. అలమారలన్నీ ఏడు రోజుల కోసం కూర్చున్న ప్యాక్‌లతో కిటకిటలాడుతున్నాయి. కంపెనీ అన్న వాటి ముందు నిలబడి అడిగాడు.

"ఈ ఏడు రోజులూ ఎందుకు?"

ఆమెకి తెలీదు. తెలీదని అనవచ్చు. వెళ్ళిపోయిన సీనియర్‌కి ఒక్క ఫోన్ చెయ్యవచ్చు. కానీ హెడ్డని కార్డు వేయించుకున్నాక ఫోన్ చేసి 'ఇదెందుకండీ' అని అడగడం నామోషీ అనిపించింది. పైగా ఆమె దగ్గర అంతకంటే మంచి ఆయుధం ఉంది, డేటా. కూర్చుని పాత రికార్డులన్నీ తిరగేసింది. నాలుగు వందల ముప్పై ప్యాక్‌లు ఏడేసి రోజులు ఆగాయి. ఏడో రోజు పరీక్షలో తప్పిన ప్యాక్ ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఏ తప్పూ పట్టని పరీక్ష పరీక్షేంటి అన్నా? ఒక్కరోజు చాలు" అంది మీటింగులో, తెర మీద గీతలు చూపించి.

అందరూ చప్పట్లు కొట్టారు. "ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా!" అని కంపెనీ అన్న ఆమె భుజం తట్టాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తూంటే ఆమె మొహం వెలిగిపోయింది. నేర్చుకోవడమంటే ఇదీ అనుకుంది పిచ్చిపిల్ల.

ఆ నెలలోనే సెల్‌లు అమ్మేవాడు మారాడు. పాతవాడు సరుకు ఆలస్యం చేస్తున్నాడని కొత్తవాడి దగ్గర కొన్నారు. నమూనాలు ఆమే చూసింది. కెపాసిటీ బాగుంది, వోల్టేజ్ బాగుంది, రెసిస్టెన్స్ బాగుంది. ఆమె రుజువు చేసిన లెక్క మాత్రం పాతవాడి సెల్‌లది. ఆ ముక్క ఆమెకి తట్టలేదు, చప్పట్లు కొట్టిన పదిహేడు మందిలో ఒక్కరికీ తట్టలేదు. సెల్ లోపల వెంట్రుకవాసి లోపం ఉంటే ఛార్జ్ చుక్కచుక్కగా కారిపోతుంది. నెర్రె ఇచ్చిన కుండలో నీళ్ళు పోసి వెంటనే చూస్తే నిండుగానే కనిపిస్తుంది కదా, ఇదీ అంతే. ఒక్కరోజులో తగ్గే వోల్టేజ్ మీటరు తేడాలో కలిసిపోతుంది. నాలుగైదు రోజులు పోతే గానీ అసలు రంగు బయటపడదు. ఆ లోపమే పెరిగి పెరిగి ఒకనాడు లోపల్లోపలే షార్ట్ అవుతుంది. సీనియర్ ఆ ఏడు రోజులూ ఆపింది అందుకు.

రెండు వందల ప్యాక్‌లూ గడువుకి రెండు రోజుల ముందే వెళ్ళాయి. పెట్టుబడి మొదటి విడత వచ్చింది. ఏడాది నిండి ఆమె షేర్లలో తొలి భాగం చేతికొచ్చింది. ఆ తర్వాత మూడో వారంలో, పొద్దున్న పది గంటలప్పుడు, డెలివరీ కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు.

ఒక డెలివరీ కుర్రాడు అద్దెగదిలో ప్యాక్‌ని ఛార్జింగ్ పెట్టి మొహం కడుక్కుంటున్నాడు. పొగ వచ్చింది. గదిలో అతని అక్క, ఆమె బిడ్డ ఉన్నారు. కాలుతున్న ప్యాక్‌ని అతను ఉత్త చేతులతో ఎత్తి వీధిలోకి విసిరేశాడు. వాళ్ళిద్దరూ బతికారు. అతని చేతులు మోచేతుల దాకా కాలిపోయాయి.

కాలిన ప్యాక్‌ని గోనెసంచిలో వేసుకొచ్చారు. ఇనప రేకు మీద నంబరు చదవడానికి వచ్చింది. ఆ నంబరు ఉన్న కాగితం కింద పిచ్చుక సంతకం ఉంది. ఆమె సంతకం తప్ప ఇంకెవరి సంతకమూ లేదు.

"వేరే ఛార్జర్ వాడి ఉంటాడు. వీళ్ళంతా చవకవి కొంటారు, నీకు తెలీదు" అన్నాడు అన్న.

మర్నాడు ఆమె ఆస్పత్రికి వెళ్ళింది. కట్లతో అతని చేతులు రెండూ దిండ్ల మీద పెట్టి ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే అతను లేవబోయాడు.

"మేడమ్, ఛార్జర్ కంపెనీదే మేడమ్. ఒట్టు. మా అక్కనడగండి. నేను వేరేది ఎప్పుడూ పెట్టలేదు మేడమ్, నా ఐడీ ఆపెయ్యొద్దని చెప్పండి."

చేతులు కాలిన మనిషి ఉద్యోగం గురించి ఒట్టేస్తున్నాడు! అతని అక్క ఛార్జర్‌ని గుడ్డసంచిలో దాచి ఉంచింది, తీసి చూపించింది. కంపెనీదే. వంకాయరంగు స్టిక్కర్‌తో సహా కంపెనీదే. "నేను చెప్తాను" అని మాత్రం అనగలిగి, ఆమె సిగ్గుతో చచ్చినంత పనై బయటపడింది.

నేరుగా గోడౌన్‌కి వెళ్ళింది. ఆ ఆర్డర్ కోసం చేసినవాటిలో పన్నెండు ప్యాక్‌లు స్పేర్ కింద మిగిలాయి. ఎవరూ పెట్టమనకుండానే అవి నెలల తరబడి అలమారలో కూర్చున్నాయి. మీటరు తీసి ఒక్కొక్కటే కొలిచింది. పది బాగున్నాయి. రెండు పడిపోయాయి, ఏ మీటరుతో చూసినా కనిపించేంతగా. పన్నెండింటిలో రెండు. మిగతావి రెండు వందల గదుల్లో, మంచాల పక్కన, ఛార్జింగ్‌లో ఉన్నాయి. మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ అవే అంకెలు. మీటరు పక్కన పెట్టి ఆ అంకెలు కాగితం మీద రాసుకుంది.

అన్నకి చెప్పింది. అతను తలుపు వేశాడు.

"అన్నీ వెనక్కి తెప్పిస్తే రెండో విడత డబ్బు రాదు. కంపెనీ ఉండదు. పద్దెనిమిది మంది రోడ్డున పడతారు. నువ్వు ఛార్జర్ లోపమని రిపోర్ట్ రాయి, చాలు. తయారీ అంతా నీ కిందికి తెస్తా, జీతం ఒకటిన్నర రెట్లు చేస్తా. వచ్చే నెల నుంచి మనమే మెల్లిగా పాతవి మార్చుకొద్దాం, ఎవరికీ తెలీకుండా."

"వచ్చే నెలా?"

"మరి ఇప్పుడెక్కడి నుంచి తేను చెప్పు!" అని అతను రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. ఏడ్చాడు కూడా. అవతలివాడు రాక్షసుడైతే కాదనడం తేలిక. ఏడాది పాటు తన టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తిన్నవాడు ఏడుస్తుంటే ఏ నోటితో కాదంటారు? పిచ్చుక అవుననలేదు, కాదనలేదు. తలుపు తీసుకుని వచ్చేసింది.

దెబ్బ మీద దెబ్బలా ఆ వారంలోనే పాత కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. లిథియం విభాగంలో ఖాళీ ఉంది, నిరుడు మీరు రాలేదు, ఇప్పటికైనా ఆసక్తి ఉంటే సోమవారం రండి అని. ఇంట్లో మళ్ళీ అదే తూకం మొదలైంది. నాన్న మొహంలో ఆశ, అమ్మ మొహంలో భయం. పిచ్చుక మనసులో మాత్రం ఒకే ఒక్క ఊహ తిరుగుతోంది. రాజీనామా ఇచ్చి అక్కడ చేరిపోతే ఈ ప్యాక్‌లు తనవి కావు. ఎవరో చూసుకుంటారు. ఆ ఊహ ఎంత హాయిగా ఉందంటే, తన మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం వెళ్ళింది. అదే గది, అదే జారిన కళ్ళజోడు. ఎందుకు మానేస్తున్నావని ఆయన అడిగాడు. రెండు రోజులుగా అద్దం ముందు తయారుచేసుకున్న జవాబు ఒకటుంది, 'మరింత పద్ధతిగల చోట ఎదగాలని' అని. నోరు తెరిస్తే అది రాలేదు. ఏడు రోజుల సంగతి, చప్పట్లు, కట్లు కట్టిన చేతులు, పడిపోయిన రెండు ప్యాక్‌లు, అన్నీ వరసగా వచ్చేశాయి.

"ఇక్కడ చేరి ఉంటే ఈ తప్పు చేసేదాన్ని కాదు కదండీ?" అని చివర అడిగింది.

"ఎందుకు చెయ్యవు? ఇక్కడికొచ్చే ప్రతి చురుకైన పిల్లా, పిల్లాడూ మొదటి ఏడాదిలో ఇదే పట్టుకొస్తారు. ఈ ఆగుడెందుకు సార్, ఏమీ దొరకట్లేదు కదా అని. ఎందుకో చెప్పి, కుదరదని పంపించేస్తాను. నాకు అరనిమిషం పడుతుంది." ఆయన పెన్ను కింద పెట్టాడు. "నీకు ఆ అరనిమిషం చెప్పేవాళ్ళు లేకపోయారు. నువ్వు తెలివితక్కువదానివని నేననను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. ఓదార్పు దొరికినట్టే అనిపించింది. అప్పుడాయన అడిగాడు.

"మిగతా ప్యాక్‌లు ఎక్కడున్నాయి?"

"వాళ్ళ దగ్గరే."

"ఇవాళ కూడానా?"

"అవునండీ."

"మరి ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

ఆయన గట్టిగా అనలేదు. దరఖాస్తు కాగితాలని మాత్రం ఆమె వైపు జరిపేశాడు. పిచ్చుక లేచింది. గది బయట వరండాలో, తనలాగే ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని, డెలివరీ కంపెనీ మేనేజర్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పింది. ఆ ఫోన్‌లోంచే రెండు వందల నంబర్లూ పంపించింది. కింద తన పేరు, హోదా రాసింది. 'పరీక్ష తగ్గించమని సూచించింది నేనే' అని కూడా రాసింది. పక్కన కూర్చున్న అమ్మాయి "ఏం అడుగుతున్నారండీ లోపల?" అని ఆత్రంగా అడిగింది. పిచ్చుక ఫోన్ సంచిలో వేసుకుని లేచి మెట్లు దిగింది.

తర్వాత సంగతులు గబగబా జరిగిపోయాయి. డెలివరీ కంపెనీ ఆర్డర్ రద్దు చేసి కేసు పెట్టింది. పెట్టుబడిదారులు తప్పుకున్నారు. ఏడు వారాలకి స్టార్టప్ మూతపడింది, షేర్ల కాగితాలు చిత్తు కాగితాలయ్యాయి. అక్కడ పనిచేసినవాళ్ళలో కొందరు ఆమెతో ఈరోజుకీ మాట్లాడరు. వెల్డింగ్ చేసే ఒకావిడకి ఇద్దరు పిల్లలు, ఆర్నెల్లు పని దొరకలేదు. పాత కంపెనీ నుంచి మీ దరఖాస్తును పరిశీలించలేకపోతున్నామని రెండు లైన్లు వచ్చాయి. డెలివరీ కుర్రాడికి పరిహారం అందింది గానీ కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనే మాట ఊరికే నోట్లోంచి వచ్చేసేది అమ్మకి. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఆ సామెత వాడరు.

నాన్న ఒక్కనాడు కూడా నేను ముందే చెప్పానని అనలేదు. ఒకసారి మాత్రం అన్నాడు. "జీతం ఆగదనే పాతదాంట్లో చేరమన్నాను రా పిచ్చుకా. ఇట్లాంటిది ఉంటుందని నాకు మాత్రం ఏం తెలుసు?" ఆ మాటే ఆమెకి ఎక్కువ నొప్పి పెట్టింది.

రెండు వందల్లో కాలింది ఒకటి. వెనక్కి వచ్చినవి నూట తొంభై ఆరు. వాటిలో ఇరవై తొమ్మిది పాడైనవని తేలింది. మూడు దొరకలేదు. పని మానేసి ఊళ్ళు మారినవాళ్ళు ఎవరికో అమ్మేశారట. పిచ్చుక ఇప్పుడు పాత బ్యాటరీలు విడదీసే ఒక కార్ఖానాలో పనిచేస్తోంది. మసి, ఆమ్లాల వాసన, జీతం తను మొదట వద్దనుకున్న పాత కంపెనీ ఇస్తానన్నదానికంటే తక్కువ. లారీ వచ్చినప్పుడల్లా తన పని కాకపోయినా దిగి, ప్యాక్‌ల మీది నంబర్లు చూస్తుంది. నాలుగేళ్ళయింది. ఆ మూడూ ఇంకా రాలేదు.

మొన్న ఆదివారం పిన్ని కూతురు వచ్చింది. చదువు అయిపోయింది, రెండు ఆఫర్లు చేతిలో పట్టుకుని చిందులేస్తోంది. ఒకటి పెద్ద మందుల కంపెనీ, ఇంకోటి ఇంట్లోనే రక్తపరీక్ష చేసుకునే యంత్రం తయారుచేసే స్టార్టప్.

"జీతం సంగతి అమ్మ చూసింది, భద్రత సంగతి నాన్న చూశాడు. నువ్వు చెప్పక్కా, ఎందులో చేరను?"

పిచ్చుక ఆ కాగితాలు తిరగేసింది. పెద్దదైతే మంచిదనీ, చిన్నదైతే చెడ్డదనీ చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. ఆమె ఒకే ఒక్కటి అడిగింది.

"అక్కడ నువ్వు చేసింది తప్పయితే, కాదని చెప్పేవాళ్ళు ఎవరున్నారే?"

ఆ పిల్ల కళ్ళు మెరిశాయి.

"ఎవరూ లేరక్కా! మొత్తం నేనే చూసుకోవాలంట. మొదటి రోజు నుంచే!"